నంబర్లను కూడకండి, పోల్చండి: ఇంటర్ కర్బన నామకరణంపై ఒక వాదన

ఇంటర్ మొదటి సంవత్సరంలో కర్బన రసాయనం మొదలైన వారంలోపే పిల్లల నోటుపుస్తకాల్లో ఒక వాక్యం చేరిపోతుంది. "శాఖలున్న కార్బన్లకు పడే నంబర్ల మొత్తం తక్కువ రావాలి." పిల్లలు దీన్ని లోయెస్ట్ సమ్ రూల్ అంటారు. గైడ్లలో ఉంటుంది, కోచింగ్ నోట్సులో ఉంటుంది, సీనియర్లు జూనియర్లకు చెప్పే చిట్కాల్లోనూ ఉంటుంది. ఆ తర్వాత ఇచ్చే నామకరణం వర్క్‌షీట్‌లో పది ప్రశ్నలుంటే పదింటికీ ఈ సూత్రంతో సరైన జవాబే వస్తుంది. నా అభ్యంతరమంతా అక్కడే. అది ఐయూపాక్ నియమం కాదు. ఎక్కడ అది తప్పుతుందో ఆ ప్రశ్నలు వర్క్‌షీట్‌లో లేకపోవడం వల్లే అది నియమంలా చలామణి అవుతోంది. ఆ వాక్యాన్ని తీసేయాలి. దాంతోపాటు దాన్ని పోషిస్తున్న ప్రశ్నలను కూడా మార్చాలి.

అసలు నియమం చాలా చిన్నది. పొడవైన శృంఖలాన్ని ఎంచుకున్నాక రెండు చివరల నుంచీ నంబర్లు వేయండి. శాఖలున్న చోట్ల నంబర్లను ఆరోహణ క్రమంలో రెండు వరుసలుగా రాయండి. మొదటి వరుసలోని మొదటి అంకెను రెండో వరుసలోని మొదటి అంకెతో పోల్చండి. అవి సమానమైతే రెండో అంకెలు, అవీ సమానమైతే మూడో అంకెలు. ఎక్కడ మొదటిసారి తేడా కనిపిస్తుందో అక్కడ చిన్న అంకె ఉన్న వరుస గెలుస్తుంది. ఆ తర్వాత ఏముందో చూడనక్కర్లేదు. నిఘంటువులో రెండు మాటల్లో ఏది ముందొస్తుందో తేల్చేటప్పుడు మొదటి తేడా దగ్గరే ఆగిపోతాం కదా, ఇదీ అంతే. కూడిక ఎక్కడా లేదు.

2,2,4-ట్రైమిథైల్ పెంటేన్ తీసుకోండి. పెట్రోలు ఆక్టేన్ విలువను కొలవడానికి 100గా పెట్టుకున్న ప్రమాణం ఇదే, ఐసో ఆక్టేన్ అని వాడుక పేరు. ఒక వైపు నుంచి 2,2,4. రెండో వైపు నుంచి 2,4,4. మొదటి అంకెలు సమానం. రెండో అంకె దగ్గర 2, 4 తేడా వచ్చింది, కాబట్టి 2,2,4. కూడినా 8, 10 వస్తాయి, అదే జవాబు. ఈ ఉదాహరణ చూసిన పిల్లాడికి రెండు పద్ధతులూ ఒకటేననిపిస్తుంది.

ఒకసారి క్లాసులో ఒక అమ్మాయి సూటిగానే అడిగింది. "సార్, రెండు పద్ధతుల్లోనూ ఒకే జవాబు వస్తుంటే కూడితే తప్పేముంది?" మంచి ప్రశ్న. దీనికి "నియమం అలా ఉంది" అని చెప్పి తప్పించుకోకూడదు. ఎందుకు ఒకే జవాబు వస్తోందో చూపించాలి, అది ఎక్కడ ఆగిపోతుందో కూడా చూపించాలి.

ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో నామకరణం వివరించడానికి తీసుకున్న 6-ఇథైల్-2-మిథైల్ నోనేన్‌నే చూద్దాం. తొమ్మిది కార్బన్ల శృంఖలం, రెండు శాఖలు. ఒక వైపు నుంచి 2,6. రెండో వైపు నుంచి 4,8. తొమ్మిది కార్బన్లలో ఏ కార్బన్ తీసుకున్నా దాని రెండు నంబర్ల మొత్తం ఎప్పుడూ 10. ఇటు నుంచి 2 అయిన కార్బన్ అటు నుంచి 8, ఇటు నుంచి 6 అయినది అటు నుంచి 4. శాఖలు రెండే ఉన్నప్పుడు ఒక వరుసలోని చిన్న అంకె, రెండో వరుసలోని పెద్ద అంకె ఒకే కార్బన్‌వి. అందువల్ల ఒక వరుసలో మొదటి అంకె చిన్నదైతే చివరి అంకె కూడా చిన్నదే అయి తీరాలి. ఇక్కడ 2 కన్నా 4 పెద్దది, 6 కన్నా 8 పెద్దది. రెండు అంకెలూ ఒకే వరుసలో చిన్నవైతే మొత్తం కూడా అక్కడే తక్కువ. అంటే రెండు శాఖలున్న ఆల్కేన్‌లో కూడిక పద్ధతి ఎన్నటికీ తప్పదు. శృంఖలం ఎంత పొడవున్నా సరే.

మూడో శాఖ వచ్చిందంటే కథ మారుతుంది. మొదటి అంకె, చివరి అంకె పైన చెప్పినట్టు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. మధ్యలో ఉన్న అంకెకు ఆ కట్టుబాటు లేదు. అది ఎటు చివరకైనా దగ్గరగా ఉండొచ్చు. అది గెలిచిన వరుసకు ఎదురు దిక్కున బాగా పక్కకు జరిగితే మొత్తం తారుమారవుతుంది.

ఈ అణువు చూడండి.

CH3-CH(CH3)-CH2-CH2-CH2-C(CH3)2-CH2-CH3

పొడవైన శృంఖలంలో ఎనిమిది కార్బన్లు, మూడు మిథైల్ సమూహాలు. ఎడమ నుంచి నంబర్లు వేస్తే 2,6,6. కుడి నుంచి వేస్తే 3,3,7. మొదటి అంకెలోనే తేడా వచ్చింది, 2 చిన్నది, కాబట్టి పేరు 2,6,6-ట్రైమిథైల్ ఆక్టేన్. ఇప్పుడు కూడి చూడండి. 2,6,6 మొత్తం 14. 3,3,7 మొత్తం 13. లోయెస్ట్ సమ్ నమ్ముకున్న విద్యార్థి 3,3,7-ట్రైమిథైల్ ఆక్టేన్ అని రాస్తాడు, తప్పు. మొదటి అంకె, చివరి అంకె రెండూ 2,6,6 వరుసలోనే చిన్నవి. మధ్యలోని 6 ఒక్కటే మొత్తాన్ని పైకి లాగింది.

పెన్నూ కాగితం తీసుకుని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మూడు మిథైల్ సమూహాలతో ఈ తేడా రావాలంటే శృంఖలంలో కనీసం ఎనిమిది కార్బన్లుండాలి. హెక్సేన్, హెప్టేన్‌ల మీద మూడు మిథైల్‌లను ఎలా అమర్చినా కూడిక తప్పు పేరు ఇవ్వదు, 2,5,5-ట్రైమిథైల్ హెప్టేన్ దగ్గర మాత్రం రెండు వైపులా మొత్తం 12 అయి ఏదీ తేల్చలేదు. మన వర్క్‌షీట్లలో ఆల్కేన్ ప్రశ్నలు ఎక్కువగా పెంటేన్, హెక్సేన్, హెప్టేన్‌ల చుట్టూనే, ఒకటి రెండు శాఖలతోనే తిరుగుతుంటాయి. తప్పు సూత్రం ఇన్నేళ్లు బతకడానికి కారణం ఇదే. పిల్లల పొరపాటు కాదు, ప్రశ్నల ఎంపిక. ఇదే బాపతు ఇంకో ఉదాహరణ 2,7,8-ట్రైమిథైల్ డెకేన్. దాన్ని తిప్పితే 3,4,9. మొత్తాలు 17, 16. ఐయూపాక్ తన నియమాల్లోనే దీన్ని చూపించి 3,4,9 కాదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఇది ఎవరి అభిప్రాయమో కాదు.

"అలాంటి అణువులు పరీక్షలో ఎన్నిసార్లొస్తాయి, వదిలేయండి" అనేవాళ్లున్నారు. వాళ్లకు నా జవాబు ఆల్కేన్లలో లేదు, ఆల్కీన్లలో ఉంది. అక్కడ ఐదు కార్బన్లకే ఈ అలవాటు దెబ్బ కొడుతుంది.

(CH3)2CH-CH=CH-CH3

శృంఖలంలో ఐదు కార్బన్లు, ఒక ద్విబంధం, ఒక మిథైల్ శాఖ. ఎడమ నుంచి వేస్తే మిథైల్ 2 మీద, ద్విబంధం 3 దగ్గర. కుడి నుంచి వేస్తే ద్విబంధం 2 దగ్గర, మిథైల్ 4 మీద. కూడడం అలవాటైన విద్యార్థికి ఎడమ నుంచి 5, కుడి నుంచి 6 కనిపిస్తాయి. 2-మిథైల్ పెంట్-3-ఈన్ అని ధైర్యంగా రాసేస్తాడు. సరైన పేరు 4-మిథైల్ పెంట్-2-ఈన్. ఇక్కడ రెండు తప్పులు కలిసిపోయాయి. ఒకటి కూడడం. రెండోది, ఇంకా పెద్దది, ద్విబంధం నంబరునూ మిథైల్ నంబరునూ ఒకే బుట్టలో వేయడం. ద్విబంధానికి చిన్న నంబరు ఇవ్వాలన్నది ముందు తేలాలి. అది తేలిపోతే మిథైల్ నంబరు గురించి ఆలోచించాల్సిన పనే లేదు. ద్విబంధం రెండు వైపుల నుంచీ ఒకే నంబరులో ఉన్నప్పుడే, ఉదాహరణకు హెక్స్-3-ఈన్‌లో, శాఖల వంతు వస్తుంది.

ఈ 'ముందు ఏది, తర్వాత ఏది' అన్న వరుసే నామకరణంలో అసలు పాఠం. ప్రమేయ సమూహాలకు వచ్చేసరికి వరుస ఇలా ఉంటుంది. ముందు ప్రధాన ప్రమేయ సమూహం, అంటే పేరు చివర ఓల్, ఓన్, ఆల్, ఓయిక్ ఆమ్లం అని రాబోయేది. దాని తర్వాత ద్విబంధ, త్రిబంధాలు. ఆ తర్వాత పేరు ముందు చేరే శాఖలన్నీ కలిపి. ఒక మెట్టు మీద తేడా వస్తే కింది మెట్టు చూడరు. మెట్టు మీద సమానమైతేనే కిందికి దిగుతారు. మొదటి తేడా సూత్రం కూడా ఒక మెట్టు లోపల పోల్చడానికే, మెట్లన్నిటినీ కలిపి పోల్చడానికి కాదు.

ఇది అర్థమైందో లేదో తెలుసుకోవడానికి నేను ఇచ్చే ప్రశ్న CH2=CH-CH2-CH(OH)-CH3. ఆల్కీన్ల మీద అప్పటిదాకా సాధన చేసిన పిల్లలకు ద్విబంధం చివర్లో కనిపించగానే 1 వేయాలనిపిస్తుంది. పెంట్-1-ఈన్-4-ఓల్ అంటారు. కూడేవాళ్లకు కూడా అదే జవాబు, 1, 4 కలిపితే 5 కదా. నిజానికి OH సమూహం పేరు చివరకు వెళ్తుంది కాబట్టి చిన్న నంబరు దానికే దక్కాలి. కుడి నుంచి వేస్తే OH 2 మీద, ద్విబంధం 4 దగ్గర. పేరు పెంట్-4-ఈన్-2-ఓల్. మొత్తం 6 అయినా అదే సరి.

దీనికి జతగా (CH3)3C-CH2-CH(OH)-CH3 ఇస్తాను. దీనిలో ద్విబంధం లేదు. ఎడమ నుంచి చూస్తే మిథైల్‌లు 2,2, OH 4. కుడి నుంచి OH 2, మిథైల్‌లు 4,4. మూడు అంకెలనూ కలిపి మొదటి తేడా చూసేవాళ్లు కూడా ఇక్కడ 2,2,4 వైపు పోయి తప్పు చేస్తారు. సూత్రం సరిగా నేర్చుకుని, మెట్లు మరిచిపోయినవాళ్లను పట్టిచ్చే ప్రశ్న ఇది. సరైన పేరు 4,4-డైమిథైల్ పెంటాన్-2-ఓల్. తప్పు జవాబు 2,2-డైమిథైల్ పెంటాన్-4-ఓల్ అని చూస్తే, అది ఏ మెట్టు దగ్గర జారిందో కాగితం మీదే తెలిసిపోతుంది.

COOH, CHO సమూహాల దగ్గర ఈ గొడవ తక్కువ. వాటి కార్బన్ శృంఖలం చివరే ఉండాలి, ఆ కార్బన్‌నూ లెక్కలో కలుపుకోవాలి, దానికి 1 తప్పదు. CH3-CO-CH2-CH2-COOH ని నాలుగు కార్బన్ల ఆమ్లం అని రాసే పిల్లలున్నారు. COOH లోని కార్బన్‌ను వదిలేయడం వల్ల వచ్చే తప్పు అది. ఐదు కార్బన్లు లెక్కపెడితే 4-ఆక్సో పెంటనోయిక్ ఆమ్లం అని తేలిగ్గానే వస్తుంది. CN సమూహానిదీ అదే సంగతి. CH3CH2CN ని ఇథైల్ సయనైడ్ అన్నప్పుడు రెండు కార్బన్లే వినిపిస్తాయి, ఐయూపాక్ పేరు మాత్రం ప్రొపేన్ నైట్రైల్.

తెలుగు మీడియం పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. అన్ని మెట్లూ సమానమైపోయినప్పుడు చిన్న నంబరు ఎవరికివ్వాలో అక్షర క్రమం తేలుస్తుంది. ఆ క్రమం ఇంగ్లిష్ అక్షరాలది. CH2Br-CH2Cl లో ఇటు నుంచైనా అటు నుంచైనా 1,2 నే వస్తుంది. తెలుగు వర్ణమాల ప్రకారం పోతే క ముందు, బ తర్వాత కాబట్టి క్లోరోకు 1 ఇస్తారు. ఇంగ్లిష్‌లో బ్రోమో ముందొస్తుంది, పేరు 1-బ్రోమో-2-క్లోరో ఈథేన్. డై, ట్రై లాంటి లెక్క పదాలను ఈ క్రమంలో పట్టించుకోరు. తెలుగులో వర్క్‌షీట్ తయారు చేసేవాళ్లు ఈ మాట ప్రశ్నల పైన ఒక వాక్యంగా రాసి ఉంచితే చాలు.

ఇంతకీ వర్క్‌షీట్‌ను ఎలా మార్చాలి? ప్రశ్నల సంఖ్య పెంచనక్కర్లేదు. ఉన్న పది ప్రశ్నలను ఒక్కొక్కటిగా తీసుకుని రెండు పద్ధతుల్లోనూ పేరు పెట్టి చూడండి, ఒకసారి సరైన నియమంతో, ఒకసారి కూడికతో. రెండు పద్ధతుల్లోనూ ఒకే పేరు వస్తే ఆ ప్రశ్న నంబర్ల నియమాన్ని పరీక్షించడం లేదన్నమాట. అది పొడవైన శృంఖలాన్ని గుర్తించడం లాంటి ఇంకేదో పరీక్షిస్తుండొచ్చు, అలాంటివి ఉండాల్సిందే. కానీ పదీ అలాంటివే అయితే ఆ కాగితం మీద పదికి పది వచ్చిన విద్యార్థికి నియమం తెలుసో లేదో మనకు తెలియదు. పదింటిలో మూడు ప్రశ్నలు రెండు పద్ధతులూ విడిపోయేవి ఉంటే చాలు. పైన చెప్పిన ఆక్టేన్ ఒకటి, పెంట్-2-ఈన్ ఒకటి, ఆల్కహాల్ ఒకటి.

జవాబు రాసే చోటును కూడా మార్చాలి. పేరు కోసం ఒక్క గీత ఇస్తే పిల్లలు పేరు ఒక్కటే రాస్తారు. దానికి ముందు 'ఎడమ నుంచి' అని ఒక ఖాళీ, 'కుడి నుంచి' అని ఒక ఖాళీ ఇచ్చి రెండు వరుసల నంబర్లూ రాయమనండి. దిద్దేటప్పుడు ఆ రెండు వరుసలు చూస్తే చాలు. వరుసలు సరిగా ఉండి పేరు తప్పైతే పోల్చడంలో లోపం. వరుసలే తప్పైతే శృంఖలం ఎంపికలోనో లెక్కపెట్టడంలోనో లోపం. పక్కన చిన్నగా 5, 6 అని కూడిన మొత్తాలు కనిపిస్తే ఇక వేరే ఆధారం అక్కర్లేదు.

దీనికి ఒక హద్దు కూడా ఉంది, అది ఉపాధ్యాయులకు తెలిసి ఉండాలి. ద్విబంధం ఉన్న శృంఖలాన్నే ప్రధాన శృంఖలంగా తీసుకోవాలని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దాని ప్రకారం CH2=C(CH2CH3)2 పేరు 2-ఇథైల్ బ్యూట్-1-ఈన్. 2013 ఐయూపాక్ సిఫారసుల్లో ద్విబంధం కన్నా శృంఖలం పొడవుకే ముందు స్థానం ఇచ్చారు, ఆ లెక్కన అదే అణువు 3-మిథైలిడీన్ పెంటేన్ అవుతుంది. బోర్డు పరీక్షకు, నీట్, జేఈఈలకు మొదటి పేరే రాయాలి. ఇంటర్నెట్‌లో రెండో పేరు చూసి వచ్చిన విద్యార్థితో అది తప్పని మాత్రం అనకండి. ఏ నియమాల ప్రకారం ఏ పేరు వస్తుందో చెప్పండి. ఇంటర్ స్థాయి వర్క్‌షీట్‌లో అలాంటి అణువును అసలు ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం, పిల్లలు ఇంకా మెట్లే నేర్చుకుంటున్నారు.

చివరి ప్రశ్నగా మాత్రం నేను ఎప్పుడూ దీన్నే పెడతాను.

(CH3)2C(OH)-CH2-CO-CH3

ఎడమ నుంచి వేస్తే OH 2, మిథైల్ 2, కీటోన్ 4. కుడి నుంచి వేస్తే కీటోన్ 2, OH 4, మిథైల్ 4. కూడితే 8, 10. మూడింటినీ కలిపి మొదటి తేడా చూసినా 2,2,4 గెలుస్తుంది. కూడేవాళ్లూ, మెట్లు మరిచిపోయినవాళ్లూ ఇద్దరూ ఎడమ వైపే పోతారు. కానీ OH, కీటోన్ రెండూ ఉన్న చోట కీటోన్‌దే పైచేయి. OH పేరు ముందుకు వెళ్లి హైడ్రాక్సీ అవుతుంది. కాబట్టి ముందు కీటోన్‌కు 2, మిగతావి ఎక్కడ పడితే అక్కడ. 4-హైడ్రాక్సీ-4-మిథైల్ పెంటాన్-2-ఓన్. హైడ్రాక్సీ, మిథైల్‌లలో ఇంగ్లిష్ అక్షర క్రమం ప్రకారం హైడ్రాక్సీ ముందు.

ఈ అణువునే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. రెండో సంవత్సరంలో ఆల్డాల్ సంఘననం వచ్చినప్పుడు, బేరియం హైడ్రాక్సైడ్ సమక్షంలో రెండు ఎసిటోన్ అణువులు కలిస్తే వచ్చేది ఇదే. దాన్ని వేడి చేస్తే నీరు పోయి 4-మిథైల్ పెంట్-3-ఈన్-2-ఓన్ వస్తుంది. రెండు పేర్లూ పక్కపక్కన రాయించండి. కీటోన్ రెండింటిలోనూ 2 మీదే ఉంది, మిథైల్ 4 మీదే ఉంది. 4 మీది OH మాయమై 3, 4 కార్బన్ల మధ్య ద్విబంధం వచ్చింది. నీటి అణువు ఎక్కడి నుంచి పోయిందో పేర్లలోని నంబర్లు చూసే చెప్పొచ్చు. 2-హైడ్రాక్సీ-2-మిథైల్ పెంటాన్-4-ఓన్ అని మొదలుపెట్టిన విద్యార్థి రెండో పేరును మాత్రం పుస్తకంలో చూసి రాస్తే, కీటోన్ 4 నుంచి 2కు, మిథైల్ 2 నుంచి 4కు ఎలా దూకాయో అతనికి అంతుపట్టదు.